వందన సమర్పణ: మన అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశం

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, పెద్దలకు, అక్కలకు, అన్నలకు, గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు, అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్న మిత్రులకు నమస్కారం. చెప్పులు ఎక్కడికీ పోవండీ, రెండు నిమిషాలు కూర్చోండి.

ముందుగా మన అధ్యక్షులు గారికి. పదింటికి మీటింగ్ అంటే తొమ్మిదిన్నరకే వచ్చి, ఫ్యాను కింద ఉన్న కుర్చీలన్నీ పెద్దవాళ్ల కోసం వదిలేసి, తాను ఎండ పడే కిటికీ పక్కన కూర్చున్నారు. మూడు గంటలు అలాగే కూర్చున్నారు. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడినా ఆయన అన్న మాట ఒక్కటే: "కూర్చుని చెప్పండి." కూర్చున్నాక ఎవరికైనా గొంతు సగం తగ్గుతుంది. ఇవాళ ఆ మందు పదిహేనుసార్లు పని చేయడం నేను కళ్లారా చూశాను.

కార్యదర్శి గారికి రెండు నమస్కారాలు. ఒకటి ఇవాళ్టికి, ఇంకొకటి మోటారు కాలిపోయిన ఆ రాత్రికి. అందరం వాట్సాప్ గ్రూపులో "నీళ్లు రావట్లేదు" అని రాస్తుంటే, ఆయన టార్చిలైటు పట్టుకుని సంపు దగ్గర ఉన్నారు. ఆ రాత్రి గ్రూపులో అరవై నాలుగు మెసేజీలు వచ్చాయి. సంపు దగ్గరికి ఆయన కాక వచ్చింది ముగ్గురు. 102 వాళ్ల అబ్బాయి, 303 మాస్టారు, మన వాచ్‌మన్ అన్న. ఆ ముగ్గురూ ఒకసారి చెయ్యెత్తండి. మాస్టారూ, మొహమాటపడకండి, ఆ రాత్రి మీ లుంగీకి అంటిన గ్రీజు మేమందరం చూశాం. తెల్లారి ఆరింటికి కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయంటే అది మీ చలవే.

కోశాధికారి గారు ఏడాది లెక్కలు చదివినప్పుడు హాలంతా నిశ్శబ్దంగా ఉంది. అది నిద్ర కాదు, నమ్మకం. నలుగురైదుగురు కళ్లు మూసుకుని మరీ నమ్మారు. ఒక చిన్న తేడా కనబడితే ఆవిడ రాత్రి ఒంటిగంట దాకా బిల్లులు తిరగేశారు. మెట్ల దగ్గర బల్బు బిల్లు రెండుసార్లు ఎక్కిందట! ఒక్క బల్బు కోసం అంతసేపు మేలుకున్న మనిషి చేతిలో మన మెయింటెనెన్సు డబ్బులుండటం మన అదృష్టం. మేడమ్ గారూ, వచ్చే ఏడాది కూడా మీరే ఉండాలి. మీ ఇంట్లోవాళ్లను మేం బతిమాలుకుంటాం.

లిఫ్టు సంగతి చూసిన కమిటీకి కృతజ్ఞతలు. లిఫ్టు ఆగిన ఆ పన్నెండు రోజులూ ఐదో అంతస్తు బామ్మగారికి కూరలు, మందులు మోసిన పిల్లలందరికీ ఇంకా ఎక్కువ కృతజ్ఞతలు. బామ్మగారు నాతో అన్న మాట ఇక్కడ చెప్పాలి: "లిఫ్టు ఆగాకే ఈ బిల్డింగులో ఇంతమంది పిల్లలున్నారని తెలిసింది నాయనా." పిల్లలూ, లిఫ్టు బాగైనా బామ్మగారి తలుపు తట్టడం మానకండి.

పార్కింగ్ గురించి మాట్లాడిన వాళ్లందరికీ... ఎవరు మాట్లాడలేదో చెప్పడం తేలిక. అందరికీ ధన్యవాదాలు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను. మనకు టీ అందించిన అక్క. అక్కా, ఆ తలుపు దగ్గర నిలబడవద్దు, లోపలికి రండి.

వినండి. మన బైలాస్ ప్రకారం అరవై ఫ్లాట్లలో ఇరవై మంది సభ్యులుంటేనే కోరం. పది నలభై అయినా కార్యదర్శి గారు తలలు లెక్కపెడుతూనే ఉన్నారు. ఒకసారి పంతొమ్మిది వచ్చింది, ఇంకోసారి ఇరవై రెండు. ఆ ఇరవై రెండులో ఒకరు పేపరు వేసే అబ్బాయి, ఒకరు ఎవరి ఇంటికో వచ్చిన చుట్టం. మళ్లీ మొదలుపెట్టబోతుంటే అక్క ట్రే దించి అంది: "సంతకం పెట్టినోళ్లు ఇరవై మంది సార్. రిజిస్టరు దగ్గర సంతకం అయ్యాకే కప్పు ఇస్తన్నా. ఇరవై కప్పులు అయినయ్." రిజిస్టరు తీసి చూస్తే సరిగ్గా ఇరవై సంతకాలు! అలా మొదలైందండీ మన మీటింగు. ఇవాళ మనం చేసిన తీర్మానాలన్నీ చెల్లుతాయంటే అది అక్క లెక్క పుణ్యమే.

ఆ ట్రే దగ్గరగా చూసిన వాళ్లెంతమంది? పంచదార లేని కప్పులన్నీ కుడివైపు అంచున, ఒక్కోదాని కింద మడిచిన కాగితం ముక్క. మనలో షుగరున్నవాళ్లు తొమ్మిది మంది అని కమిటీలో ఎవరికీ తెలియదు. అక్కకు తెలుసు. ఎవరినీ పేరు పెట్టి అడగకుండా, నలుగురిలో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఎవరి కప్పు వాళ్ల ముందు పెట్టేసింది. 303 మాస్టారు ఎడమవైపు కప్పు కోసం చెయ్యి చాపితే ట్రేని నెమ్మదిగా తిప్పేసింది. మాస్టారి శ్రీమతి ఆ దృశ్యం చూసి పెట్టిన దండం కూడా నేను చూశాను.

ఇక ఆరో అంశం, పార్కింగ్ గీత. 201 గారు లేచారు, 404 గారు లేచారు. "మీ చక్రం నా గీత మీద" అంటే "మీ గీతే నా చక్రం కిందికొచ్చింది" అన్నదాకా వెళ్లింది. అధ్యక్షులు గారి "కూర్చుని చెప్పండి" కూడా పని చేయని ఘట్టం అదొక్కటే. సరిగ్గా అప్పుడు అక్క ఇద్దరి మధ్యకు ట్రే పట్టుకుని వచ్చింది. "బాగా వేడిగున్నయ్ సార్, జాగ్రత్తగా పట్టుకోండి." ఇద్దరూ పట్టుకున్నారు. వేడి కప్పు చేతిలో ఉన్న మనిషి వేలు చూపించి మాట్లాడలేడండీ, రెండో చెయ్యి కూడా కప్పు కిందకే వెళ్తుంది. ఊదుకోవాలి కాబట్టి అరవడం కూడా కుదరదు. టీ అయ్యేసరికి 404 గారే అన్నారు, టేపు పెట్టి కొలుద్దాం అని. 201 గారు టేపు మా ఇంట్లో ఉందన్నారు. రేపు సాయంత్రం ఇద్దరూ కలిసి గీత కొలుస్తున్నారు. ఇద్దరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కొలిచేటప్పుడు కూడా అక్కకు ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.

అందుకని అధ్యక్షులు గారి అనుమతితో ఒక మాట. ప్రతి ఏడాదీ మినిట్స్‌లో చివరి వాక్యం "తేనీటి విందుతో సభ ముగిసింది" అని రాస్తున్నాం. టీ తనంతట తాను రాదు కదా. ఈసారి అక్క పేరు రాద్దాం, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. కార్యదర్శి గారూ, లెక్కపెట్టకండి, అన్నీ లేచాయి.

అక్కా, పొద్దున ఆరింటి నుంచి నీళ్ల దగ్గర, కుర్చీల దగ్గర, స్టవ్వు దగ్గర నిలబడే ఉన్నారు. ఇదిగో, అధ్యక్షులు గారు తన కుర్చీ ఖాళీ చేశారు, కూర్చోండి. ఈ విడత టీ మా కుర్రాళ్లు పంచుతారు. బాబూ, పంచదార లేనివి కుడివైపు. మాస్టారి దగ్గరికి వెళ్లినప్పుడు ట్రే తిప్పడం మర్చిపోకు.