విషయం: మీ ప్రతిపాదనకు నా సమాధానం, జూలై 3న రిలీవ్ కావడం గురించి

బెంగళూరు,
2026 మే 14

మధుసూదన్ గారికి,

నమస్కారం సర్. మంగళవారం మీరూ జనరల్ మేనేజర్ గారూ నా ముందు ఉంచిన ప్రతిపాదనను నేను అంగీకరించలేను. మే 4న ఇచ్చిన రాజీనామాలో మార్పు లేదు. అరవై రోజుల నోటీసు ముగిసే జూలై 3, శుక్రవారం నా చివరి పనిదినం. హెచ్‌ఆర్‌కు ఇదే సంగతి ఇంగ్లీషులో నాలుగు వాక్యాల్లో పంపాను. మీకు మాత్రం తెలుగులో, కాస్త వివరంగా రాయాలనిపించింది.

జీతంలో 25 శాతం పెంపు, అసిస్టెంట్ మేనేజర్ హోదా, ఏడాది ఉంటే రెండు లక్షల బోనస్. పీణ్యలోని మన యూనిట్‌లో ఇంత మంజూరు చేయించడానికి మీరు ఎందరి గదులకు తిరిగి ఉంటారో ఊహించగలను. అందుకు కృతజ్ఞురాలిని. కొత్తచోట నాకు వచ్చేది దీనికంటే కొంచెం తక్కువే. బేరం పెంచుదామని ఈ మాట చెప్పడం లేదు. అసలు బేరమే లేదని మీకు తెలియాలని చెబుతున్నాను.

నేను వెళ్తున్నది పని కోసం. ఇక్కడ భాగం తయారై సీఎంఎం బల్ల మీదికి వచ్చాకే నా పని మొదలవుతుంది. బోర్ కొలత తప్పితే పట్టుకుంటాను, లాట్ ఆపుతాను, 8డీ రిపోర్టు రాస్తాను. తీరా మూలం వెతికితే చాలాసార్లు అది ఫిక్స్చర్‌లోనో, డ్రాయింగులో టాలరెన్స్ ఇచ్చిన తీరులోనో తేలుతుంది. అప్పటికి డైలు, టూలింగు అన్నీ సిద్ధమై ఉంటాయి, మార్చమంటే వినేవారు ఉండరు. కొత్త ఉద్యోగంలో డ్రాయింగు ఖరారు కాకముందే క్వాలిటీ తరఫున కూర్చునేది నేనే. గత రెండు అప్రైజల్స్‌లో అడిగింది ఇదే. ఆ పని చూసే విభాగం పుణెలో ఉందని, ఇక్కడ ఖాళీ రాదని చెప్పారు. అది మీ చేతిలో లేదని అప్పుడూ తెలుసు. హోదా మారినా నేను నిలబడేది ఆ బల్ల దగ్గరే కదా సర్.

కనీసం సెప్టెంబరు ఆడిట్ దాకా ఆగమన్నారు. జూలై 6న చేరతానని అక్కడ రాతపూర్వకంగా ఒప్పుకున్నాను, ఆ తేదీ మార్చను. అది మన కస్టమర్ కంపెనీ కాదు, పోటీ కంపెనీ కూడా కాదు. ఆ విషయంలో మీరు పైవాళ్లకు నిశ్చింతగా చెప్పవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి మాట్లాడమన్నారు, మాట్లాడాను. అమ్మ పూర్తిగా మీ పక్షమే! ఇంత ఇస్తామంటే ఎవరైనా వదులుకుంటారా అని ఇంకా గొణుగుతూనే ఉంది. అయినా నిర్ణయం నాది, అది మారదు. దయచేసి దీనిపై మరో సమావేశం పెట్టవద్దు. జనరల్ మేనేజర్ గారికి రెండోసారి కాదని చెప్పవలసి రావడం నాకు ఇబ్బంది, ఆయనకూ బాగుండదు.

అడగకుండా చెబుతున్న మాట ఒకటి. నా కోసం తీసిన డబ్బు మిగిలిపోయింది కాబట్టి, రాత్రి షిఫ్టులో కాంట్రాక్టుపై ఉన్న ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను పర్మనెంట్ చేసే ఫైలును ఇప్పుడే కదిలించండి. నేను వెళ్లాక మన క్వాలిటీ విభాగం నిలబడేది వాళ్ల మీదే.

అప్పగింత సంగతికి వస్తే, బ్రేక్ హౌసింగ్ పీపీఏపీ ఫైలులోని 18 అంశాల్లో 15 పూర్తయ్యాయి. మెషర్‌మెంట్ సిస్టమ్ అనాలిసిస్, ప్రాసెస్ కెపబిలిటీ స్టడీ, వాటి తర్వాత వారెంట్ మిగిలాయి. జూన్ 12 నాటికి మూడూ ముగిస్తాను. సీఎంఎం ప్రోగ్రాములన్నీ సర్వర్‌లోనే ఉన్నాయి గానీ, పాత ప్రోగ్రాముల్లో డేటమ్ ఎందుకు మార్చామో ఎక్కడా రాసిలేదు. అది రాయడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. జూలైలో కాలిబ్రేషన్ గడువు తీరే గేజీల జాబితా స్టోర్స్‌కు ఇచ్చేశాను. నా స్థానంలోకి ఎవరు వస్తారో జూన్ మొదటి వారంలోగా తేలిస్తే, రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాను. లాప్‌టాప్ అప్పగించాక డ్రాయింగులు, ఫైళ్లు ఏవీ నా దగ్గర ఉండవు. ఏదైనా గుర్తు చేసుకుని చెప్పగలిగేది ఉంటే మాత్రం జూలై నెలాఖరు దాకా సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి, తప్పక మాట్లాడతాను.

నా సర్వీసు ఐదేళ్లు దాటింది కాబట్టి ఫైనల్ సెటిల్‌మెంట్‌లో గ్రాట్యుటీ కూడా చేర్చాలని హెచ్‌ఆర్‌కు రాశాను. రిలీవింగ్ లెటర్ జూలై 3 సాయంత్రానికే అందేలా మీరు ఒక మాట చెబితే మేలు.

గేజ్ పట్టుకోవడం కూడా సరిగా రాని రోజుల్లో నన్ను కస్టమర్ ముందు నిలబెట్టి మాట్లాడించింది మీరు. ఈ ఊళ్లో క్వాలిటీ వాళ్లందరం ఏదో ఒక ఆడిట్‌లో ఎదురుపడుతూనే ఉంటాం. అప్పుడు కూడా మిమ్మల్ని సర్ అనే పిలుస్తాను.

అప్పగింత ప్రణాళిక షీటును ఈ లేఖతో జత చేశాను. సోమవారం ఉదయం ప్రొడక్షన్ మీటింగ్ అయ్యాక, 11 గంటలకు మీ గదికి వస్తాను. మార్పులేవైనా ఉంటే అప్పటికి గుర్తు పెట్టి ఉంచండి, ఇద్దరం సంతకాలు చేసి హెచ్‌ఆర్‌కు పంపేద్దాం.

గౌరవంతో,
శైలజ
సీనియర్ క్వాలిటీ ఇంజినీర్