బీరువాలో కంప్యూటర్

దసరా సెలవులకి తెనాలి వచ్చిన మనవడు పాత బీరువా తెరిచి, "తాతయ్యా, ఇదేంటి?" అన్నాడు. దుప్పటి కింద సీపీయూ, పక్కన బరువైన మానిటర్. పద్నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాయి.

దుమ్ము దులుపుతుంటే ఎండిపోయిన బల్లి ఒకటి రాలింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది గానీ తెర చీకటి, ఒకటే బీప్ బీప్.

"ర్యామ్ అంచులకి మురికి పట్టింది తాతయ్యా. రబ్బరుతో రుద్దాలి."

ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన మాస్టారి ఇంట్లో రబ్బరుకి కొదవా!

ఈసారి తెర వెలిగింది: `CMOS checksum error`. తారీఖు 2002 జనవరి 1 చూపిస్తోంది.

"ఏం లేదు, లోపలి బ్యాటరీ అయిపోయింది." మనవడు వాచీల కొట్టుకి పరిగెత్తి CR2032 బిళ్ల తెచ్చాడు.

కాసేపటికి విండోస్ ఎక్స్‌పీ పచ్చకొండ కనిపించింది. దాని మీద ఒకే ఫైలు. పదో తరగతి లెక్కల పేపరు, అనూ ఫాంట్లలో నానమ్మ టైపు చేసింది.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"మూడో ప్రశ్నలో తప్పుంది. ఆ రోజే చెప్పాను, వింటేనా మీ నానమ్మ!"

మౌస్ అందుకోబోయి ఆగారు.

"వద్దులే. అలాగే ఉండనీ. ఇంకేమున్నాయో చూడు."