మీ ఆఫర్ గురించి: ఫిక్స్‌డ్ జీతం 16 లక్షలే, మిగతావి వివరంగా

సుష్మ గారూ, నమస్తే.

సోమవారం మీరు పంపిన మెయిల్‌కి ఇవాళ్టిదాకా జవాబు రాయలేదు, సారీ. మీరడిగిన 19 లక్షల గురించి మా ఎండీతో, అకౌంట్స్ చూసే మేడంతో రెండుసార్లు కూర్చున్నాను, అందుకే ఆలస్యమైంది. నాన్చకుండా చెప్పేస్తాను, ఫిక్స్‌డ్ జీతం 16 లక్షల దగ్గరే ఉంటుంది. మధ్యలో ఎక్కడో 17కో 17.5కో కుదురుతుందేమో అని మీరు ఎదురుచూడకూడదని ముందే అంటున్నాను, అది కూడా కుదరదు.

అడిగినందుకు ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. అవతలి కంపెనీ ఇచ్చిన లెక్క దాచకుండా పంపి మరీ అడిగారు, నాకు నచ్చింది, కాబట్టి నేనూ లెక్కలతోనే మాట్లాడతాను.

ఎందుకు కుదరదంటే, మీరు చేయబోయే పనే చేస్తున్నవాళ్లు టీమ్‌లో ఇప్పటికే ఇద్దరున్నారు. అనుభవం కూడా మీలాగే ఆరేళ్లకి కాస్త అటూ ఇటూ. వాళ్ల జీతాలు 16కి దగ్గర్లోనే ఉన్నాయి. కొత్తగా వచ్చే మీకు 3 లక్షలు ఎక్కువ ఇచ్చి, నాలుగేళ్లుగా నాతో ఉన్నవాళ్ల మొహం నేను చూడలేను. జీతాలు రహస్యం అంటారు గానీ ముప్ఫై మంది ఉన్న ఆఫీసులో అవి ఎన్నాళ్లు దాగుతాయో మీకు తెలియనిది కాదు. పోనీ అందరికీ పెంచుదామా అంటే ఈ ఏడాది బడ్జెట్‌లో అంత డబ్బు లేదు. వైజాగ్‌లో అద్దెలు తక్కువ కదా అనే మాట మాత్రం నేను అనను. మీరు ఎంత అద్దె కడతారో మీ ఇష్టం, దాన్ని చూపించి మేం జీతం తగ్గించడం నాకు సబబుగా అనిపించదు.

ఇక అవతలి ఆఫర్. మీరు పంపిన దాని ప్రకారం 18.5లో ఫిక్స్‌డ్ 15, వేరియబుల్ 2.5, జాయినింగ్ బోనస్ 1 లక్ష. వేరియబుల్ పూర్తిగా చేతికొస్తే మొదటి ఏడాది వాళ్ల దగ్గరే మీకు ఎక్కువ వస్తుంది, కాదనను. రెండో ఏడాది జాయినింగ్ బోనస్ ఉండదు, వేరియబుల్ ఎంత వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. మా 16లో వేరియబుల్ అన్నదే లేదు. అందులో బేసిక్ 8 లక్షలు, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 96,000, మిగిలింది అలవెన్సులు. మీ పీఎఫ్ వాటా, ప్రొఫెషనల్ టాక్స్, కొత్త పన్ను విధానంలో టీడీఎస్ అన్నీ పోగా నెలకు చేతికి సుమారు 1,09,000 వస్తుంది. గ్రాట్యుటీని ఇందులో కలపలేదు. చాలామంది దాన్ని కూడా సీటీసీలో వేసి అంకె పెద్దది చేసి చూపిస్తారు, అవతలి కాగితంలో ఆ లైను ఉందేమో ఒకసారి చూసుకోండి.

పన్ను కొంత తగ్గించుకునే దారి ఒకటుంది. అలవెన్సుల్లోంచి బేసిక్‌లో 14 శాతం, అంటే 1,12,000, కంపెనీ తరఫున మీ ఎన్‌పీఎస్ ఖాతాలో వేయమని అడగొచ్చు. కొత్త విధానంలో కూడా దానికి మినహాయింపు ఉంది, మీ స్లాబ్‌లో ఏడాదికి దాదాపు 17,500 పన్ను మిగులుతుంది. కాకపోతే చేతికొచ్చే డబ్బు ఆ మేరకు తగ్గుతుంది, ఆ సొమ్మును మధ్యలో తీసుకోవడమూ కష్టమే. ఇష్టమైతేనే, బలవంతం లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్‌లో మీరు మొట్టమొదట అడిగింది అమ్మానాన్నల ఇన్సూరెన్స్ గురించి. ఆఫర్ లెటర్‌లో అది ఒక్క లైనులో పోయింది, తప్పు మాదే. మా గ్రూప్ పాలసీ ఇంటి మొత్తానికి కలిపి ఏడాదికి 5 లక్షలు, మీతో పాటు అమ్మానాన్నలు కూడా అందులోకి వస్తారు, ప్రీమియం మొత్తం కంపెనీదే. మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు కదా, మా పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే కవర్ ఉంది. విడిగా బయట తీసుకుంటే అలాంటివాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఈ మాట నోటిమాటగా వదిలేయకుండా పాలసీ కాపీ ఈ మెయిల్‌కే జత చేశాను, మినహాయింపులు రాసిన పేజీ తప్పకుండా చదవండి.

ఆఫీసు రుషికొండలో. రావాల్సింది మంగళవారం, గురువారం మాత్రమే, మిగతా మూడు రోజులు ఇంటి నుంచే. శని, ఆదివారాలు సెలవు. నెలాఖరు రిలీజ్ ఉన్న వారం ఒకోసారి రాత్రి తొమ్మిదవుతుంది, అలాంటప్పుడు తర్వాతి వారం ఒక పూట వదిలేస్తాం. సంక్రాంతికి నాలుగు రోజులు ఆఫీసే మూసేస్తాం, మీ సెలవుల్లోంచి పోవు. బాండ్ లేదు. నోటీసు పీరియడ్ 30 రోజులే. మీరిప్పుడు 90 రోజుల నోటీసులో పడుతున్న అవస్థ చూశాక ఇది చిన్న విషయం అనిపించదనుకుంటున్నాను. త్వరగా రిలీవ్ కావడానికి అక్కడ డబ్బు కట్టాల్సొస్తే 1 లక్ష దాకా మేం ఇస్తాం, హైదరాబాద్ నుంచి సామాను తెచ్చుకోవడానికి బిల్లుల మీద 60,000 వేరే. ఈ రెండూ మీరు ఏడాదిలోపు మానేసినా వెనక్కి అడగం.

జీతం పెంపు ఏప్రిల్‌లో. కొత్తగా చేరినవాళ్లకి ఏడాది నిండాలనే రూలు మాకుంది, దాన్ని మీ విషయంలో పక్కన పెట్టడానికి ఎండీ ఒప్పుకున్నారు. కాబట్టి ఈ ఏప్రిల్‌లోనే మీ రివ్యూ జరుగుతుంది, ఆ మాట సవరించిన ఆఫర్ లెటర్‌లో కూడా రాయించాను. ఎంత పెరుగుతుందో ఇప్పుడే అంకె చెప్పి ఆశ పెట్టను.

పని సంగతి కూడా ఒక మాట. మందుల హోల్‌సేల్ షాపులవాళ్లు వాడే మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ భాగం మొత్తం మీ చేతికొస్తుంది. రెండో రౌండ్‌లో మీరు డెమో చూస్తూనే, ఎక్స్‌పైరీ దగ్గరపడిన బ్యాచ్ ఉండగా కొత్త బ్యాచ్ ముందు బిల్లవుతోందేంటి అని అడిగారు గుర్తుందా? షాపులవాళ్లు ఏడాదిగా మా ప్రాణం తీస్తున్నది దానికే. మా దగ్గర ఆ సమస్య తెలిసినా సరిచేయడానికి ఎవరికీ టైం చిక్కలేదు. అది ఎలా చేయాలో మీరే తేల్చండి, నేను మధ్యలో వేలు పెట్టను. మీరు రిపోర్ట్ చేసేది నాకే, మధ్యలో ఇంకో మేనేజర్ ఎవరూ లేరు.

శుక్రవారం సాయంత్రం 6 లోపు అవునో కాదో చెప్పండి. ఆ తర్వాత వేరేవాళ్లతో మాట్లాడక తప్పదు, క్లయింట్‌కి ఇచ్చిన తేదీ దగ్గరపడుతోంది. అమ్మానాన్నలతో ఇంకోసారి మాట్లాడాలంటే సోమవారం దాకా ఆగుతాను, కాకపోతే శుక్రవారంలోపు ఆ ముక్క చెప్పండి. ఈ లెక్కల్లో ఏదైనా తేడాగా అనిపిస్తే రేపు మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి, అకౌంట్స్ మేడంని కూడా లైన్లోకి తీసుకుంటాను. అవతలి ఆఫరే నచ్చితే మొహమాటపడకుండా ఒక్క లైను రాసేయండి, చాలు.

ఉంటాను,
భాస్కర్
ఇంజనీరింగ్ హెడ్, వైజాగ్