నైతిక, భద్రతా ప్రకటన: చిన్న క్షీరదాలను ప్రాణాలతో పట్టి వదిలిన అధ్యయనం

వెలికొండల తూర్పు అంచున, రాపూరు, వెంకటగిరి మధ్య చిట్టడవుల్లోనూ వరి, వేరుశనగ చేలల్లోనూ నిమ్మతోటల్లోనూ బతికే ఎలుకలు, చుంచుల గురించినది ఈ సిద్ధాంత గ్రంథం. పైరు కోసేశాక ఏ జాతి ఎటు పోతుంది, గట్ల మీది పొదలు తీసేస్తే ఏవి మిగులుతాయి అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. అసలు ప్రతి ఇంగ్లిష్‌లో ఉంది. మేం బోన్లు పెట్టిన ఊళ్ళవాళ్ళు కూడా చదవాలి కాబట్టి ఈ ఒక్క అధ్యాయాన్ని తెలుగులోనూ రాసి గ్రంథంలో చేర్చాను.

పట్టక తప్పదా?

జంతువును ముట్టకుండా పని జరిగితే ముట్టకూడదు. అందుకే ముందు మిగతా దారులు చూశాం. గుడ్లగూబలు కక్కే ఉండల్లోని ఎముకలను బట్టి చుట్టుపక్కల ఏ జాతులున్నాయో తెలుస్తుంది. కానీ ఆ ఎలుక ఏ చేలో దొరికిందో తెలియదు. కలుగుల లెక్క పందికొక్కుల విషయంలో కొంత పనికొస్తుంది. ఆటోమేటిక్ కెమెరాల్లో జెర్బిల్ అనే పొడవు తోక ఎలుకను పోల్చుకోవచ్చు గాని, దగ్గరి జాతుల చిట్టెలుకలను చేతిలోకి తీసుకోకుండా వేరు చేయలేం. నిన్న చేలో కనిపించినదే ఈరోజు తోటలో కనిపించిందా అన్నది తేలాలంటే ఒక్కోదానికీ గుర్తు ఉండాలి. ఈ ఒక్క ప్రశ్న కోసమే పట్టాం. ఏయే జాతులున్నాయన్న జాబితా కోసం ఎక్కడా బోను పెట్టలేదు. దానికి ఉండలు, కెమెరాలే చాలాయి.

అనుమతులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వలవేసి, బోను పెట్టి పట్టడం కూడా వేటే. ఎలుకల్ని ఒకప్పుడు ఆ చట్టంలోనే హానికర జంతువుల షెడ్యూల్‌లో పెట్టారు. 2022 సవరణతో ఆ షెడ్యూల్ పోయింది. ‘ఎలుకే కదా’ అనుకుని అనుమతి లేకుండా దిగిపోవడం అప్పుడూ సరికాదు, ఇప్పుడూ కాదు. పైగా బోనుకు లోపలికి వచ్చేది ఏ జాతో తెలియదు. కొండ అంచున ఉడతలా కనిపించే ట్రీ ష్రూ కూడా పడొచ్చు. కాబట్టి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నుంచి పరిశోధన అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టాం. అభయారణ్యం హద్దు లోపల ఎక్కడా బోను పెట్టలేదు. విశ్వవిద్యాలయంలోని జంతు నైతిక కమిటీ పద్ధతినంతా పరిశీలించి ఆమోదించింది. కమిటీలోని పశువైద్యుడు ఫీల్డుకు వచ్చి, మేం జంతువును పట్టుకునే తీరు చూసి, రెండు మార్పులు చెప్పారు. వాటిని కింద రాశాను.

రైతులకు ఇచ్చిన మాట

ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది చట్టం కాదు, చేను. రైతు కష్టపడి పండించుకున్న వేరుశనగను తినే ఎలుకను నేను పట్టుకుని, తూచి, మళ్ళీ ఆయన చేలోనే వదులుతున్నాను. ‘పట్టినదాన్ని మళ్ళీ ఎందుకు వదులుతావమ్మా’ అని అడగని రైతు లేడు. అది న్యాయమైన ప్రశ్న.

మేం పాటించిన నియమం ఇది. బోను పెట్టకముందే, పట్టిన ఎలుకను అక్కడే వదులుతామని రైతుకు స్పష్టంగా చెప్పాం. ఇష్టం లేదంటే ఆ చేలో పెట్టలేదు. ఒప్పుకుని తర్వాత వద్దన్నా ఆరోజే తీసేశాం, కారణం అడగలేదు. అధ్యయనం కోసం పట్టిన జంతువును చంపడానికి ఎవరికీ ఇవ్వలేదు. దూరంగా తీసుకెళ్ళి అడవిలో వదలమని కొందరు అడిగారు. అది దయలా కనిపిస్తుంది కానీ కాదు. కలుగు ఎక్కడుందో, తిండి ఎక్కడుందో తెలియని చోట ఎలుక ఎక్కువ రోజులు బతకదు. ఒకచోటి జబ్బును మరోచోటికి మోసుకెళ్ళే ప్రమాదం కూడా ఉంది.

అలాగని రైతును ఎలుకల మందు పెట్టొద్దని అడగలేదు. అది ఆయన చేను, ఆయన నిర్ణయం. మందు ఎప్పుడు పెడతారో ముందే కనుక్కుని, ఆ రోజుల్లో, ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ చుట్టుపక్కల బోన్లు మూసేశాం. జింక్ ఫాస్ఫైడ్ త్వరగా చంపుతుంది. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక మాత్రం కొన్ని రోజులు లోలోపల రక్తం కారి చనిపోతుంది. అలాంటి స్థితిలో ఉన్నదాన్ని బోనులో రాత్రంతా ఉంచి, పొద్దున సంచిలో వేసి తూయడం క్రూరత్వం.

మాకు తెలిసింది రైతులకు దాచిపెట్టలేదు. ఏ గట్టున ఏ జాతి ఎక్కువో ప్రతి పంట తర్వాత ఊళ్ళో చెప్పాం. చుంచు తినేది ఎక్కువగా పురుగులనని, దాన్ని ఎలుకతో కలిపి చంపితే రైతుకు ఒరిగేదేమీ లేదని కూడా చెప్పాం.

బోను, ఎర, చేతి పని

చిన్న జాతులకు మడిచే అల్యూమినియం షెర్మన్ బోన్లు, పందికొక్కులకు తీగ బోన్లు వాడాం. ఎరగా వేరుశనగ పప్పు, కొబ్బరి ముక్క. ప్రతి బోనులో గుప్పెడు దూది. వాన రాత్రుల్లో దూది తడిస్తే చలి నుంచి కాపాడకపోగా మరింత వణికిస్తుంది. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, బోన్లను గట్టు ఎత్తున పెట్టి పైన తాటాకు కప్పాం. తుపాను హెచ్చరిక ఉంటే అసలు తెరవలేదు. వేసవి సమస్య దీనికి పూర్తిగా ఎదురు. ఎండ తగిలిన అల్యూమినియం పెట్టెలో ప్రాణి నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడ్డాకే తెరిచి, సూర్యోదయానికి ముందే ప్రతి బోనూ చూసి మూసేశాం. పగటిపూట ఏ కాలంలోనూ తెరిచి ఉంచలేదు.

పట్టిన ప్రాణిని బయటికి తీయడం ఇలా. బోను మూతికి గుడ్డసంచి తొడిగి, బోనును మెల్లగా వంచితే జంతువు సంచిలోకి జారుతుంది. సంచితో సహా స్ప్రింగు త్రాసుకు తగిలించి తూస్తాం. తర్వాత సంచి పైనుంచే వేళ్ళతో తడిమి ముక్కు ఎటుందో చూసుకుని, మెడ వెనక వదులు చర్మాన్ని పట్టి, గుడ్డను తల మీంచి కొద్దిగా వెనక్కి మడుస్తాం. చీకట్లో ఉన్నంతసేపు ఎలుక కుదురుగా ఉంటుంది కాబట్టి కళ్ళు చివరిదాకా కప్పే ఉంచుతాం. ఇది పశువైద్యుడు చెప్పిన మొదటి మార్పు. జెర్బిల్‌ను తోక పట్టి ఎత్తకూడదు. తోక చర్మం తొడుగులా ఊడి చేతికొస్తుంది, ఇక ఆ తోక ఎండి రాలిపోవాల్సిందే. రెండో మార్పు చేతి తొడుగుల గురించి. మందపాటి తోలు తొడుగుతో పట్టు ఎంత బిగుసుకుందో తెలియదు, పది గ్రాముల చిట్టెలుక ఛాతీ నలిగి ఊపిరాడక పోతుంది. అందుకే తోలు తొడుగులు పందికొక్కులకు మాత్రమే ఉంచి, చిన్నవాటికి నైట్రైల్ తొడుగులు రెండు జతలు వేసుకున్నాం.

ఒక్కోదానికి మూడు నిమిషాలకు మించి తీసుకోలేదు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే కొలతలు పూర్తికాకపోయినా వదిలేశాం. పాలిచ్చే తల్లి పడితే బరువు మాత్రం చూసి వెంటనే వదిలాం, కలుగులో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. గుర్తు కోసం వెన్ను మీద బొచ్చు కత్తిరించడమే ప్రధాన పద్ధతి. కాలివేళ్ళు కత్తిరించే పాత పద్ధతిని అనుమతి అడిగేటప్పుడే పక్కన పెట్టాం. గట్లు తవ్వి, చెట్లెక్కి బతికే జంతువుకు వేళ్ళే ఆధారం.

చనిపోయినవి

బోన్లలో మూడు చుంచులు, ఒక చిట్టెలుక చనిపోయాయి. చుంచు కొన్ని గంటలు తిండి లేకపోతే తట్టుకోలేదు, వేరుశనగ దానికి సరైన తిండి కాదు. ఆ మూడూ మొదటి వానాకాలంలోనే పోయాయి. ఆ తర్వాత చుంచులు తిరిగే చోట్ల ప్రతి బోనులో ఎండు రొయ్యలు వేసి, అర్ధరాత్రి కూడా ఒకసారి చూడడం మొదలుపెట్టాం. చిట్టెలుకను చీమలు చంపాయి. అప్పటి నుంచి చీమల పుట్ట కనిపించిన చోట బోను పెట్టలేదు, ఎర ముక్కలు బయట రాలితే ఏరేశాం. చనిపోయిన నాలుగింటినీ పారేయకుండా కొలతలతో సహా విశ్వవిద్యాలయ మ్యూజియంలో భద్రపరిచాం. కోలుకోలేనంత గాయమైన జంతువుకు ఐసోఫ్లూరేన్ అనే మత్తుమందుతో నొప్పి లేని మరణం ఇవ్వడానికి ఏర్పాటు ఉండేది, పశువైద్యుడి మాట మీదే వాడాలి. దాని అవసరం రాలేదు.

మనుషుల భద్రత

బోను తలుపు మూసుకుని ఉంటే లోపల ఎలుకే ఉందనుకోకూడదు. ఎలుక కోసం పాము వస్తుంది. ఈ ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ ఉన్నాయి. ప్రతి బోనునూ ముందు కర్రతో కదిలించి, టార్చి వేసి, తలుపు మన వైపు కాకుండా అవతలికి తిప్పి తెరవాలి. మోకాలి దాకా బూట్లు లేకుండా రాత్రి ఎవరూ గట్టు దిగలేదు. ఒంటరిగా ఎవరూ వెళ్ళలేదు. విషానికి విరుగుడు మందు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో ప్రతి సీజన్ ముందు ఫోన్ చేసి కనుక్కున్నాం. డ్రైవరుతో సహా బండి రాత్రంతా దగ్గరే ఉండేది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దని, కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలని అందరికీ చెప్పాం. కొండ అంచున ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి అక్కడ తెల్లవారుజామున చప్పుడు చేస్తూ నడిచాం.

కళ్ళకు కనిపించని ప్రమాదం జబ్బులది. ఎలుక మూత్రం కలిసిన తడి నేల నుంచి లెప్టోస్పైరోసిస్, ఎలుకల మీద బతికే మైట్లు అనే అతి చిన్న పురుగుల పిల్లల కాటుతో స్క్రబ్ టైఫస్ వస్తాయి. మురికి బోన్లను పొడిగా దులిపితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో తడిపి, ఎన్95 మాస్కుతో, ఆరుబయట కడిగాం. చేతిమీద పుండు ఉన్నవాళ్ళకు ఆరోజు జంతువుల పని ఇవ్వలేదు. ఎలుక కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. టెటనస్ టీకా అందరూ ముందే వేయించుకున్నారు. పని ముగిశాక కూడా కొన్ని వారాల పాటు జ్వరం వస్తే ఎలుకలతో పనిచేశామని డాక్టరుకు చెప్పాలి. సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్ల పెచ్చు ఒంటిమీద కనిపిస్తే దాన్ని చూపించాలి. స్క్రబ్ టైఫస్‌ను వెంటనే పోల్చుకుంటే సాధారణ యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. ఈ మాటలు రాసిన కార్డు ప్రతి ఒక్కరి జేబులో ఉండేది.

మాతో పనిచేసిన యానాదులు

కలుగు చూసి లోపల ఏ జాతి ఉందో, ఎన్ని నోళ్ళున్నాయో చెప్పగలిగింది మా బృందంలో యానాది సహాయకులే. ఎలుకలు పట్టేవాళ్ళకు తోకకింత అని ఇచ్చే అలవాటు చేలల్లో ఉంది. మేం అలా ఇవ్వలేదు. ఎన్ని పడ్డా, ఏమీ పడకపోయినా ఒకే రోజు కూలి. తోక లెక్కన ఇస్తే తొందర పెరుగుతుంది, తొందరలో జంతువు నలుగుతుంది, మనిషి చెయ్యి కలుగులోకి పోతుంది. బూట్లు, మాస్కులు, టీకాలు, ప్రమాద బీమా విద్యార్థులకు ఎంతో వాళ్ళకూ అంతే. వాళ్ళు తమ తిండికోసం వేరేగా చేసుకునే వేటలో మేం జోక్యం చేసుకోలేదు, దాన్ని గురించిన సమాచారం ఇందులో రాయలేదు. వాళ్ళు చెప్పిన విషయాలు వాడిన ప్రతిచోటా వాళ్ళ అనుమతితో, వాళ్ళు కోరినట్టే పేరుతోనో పేరు లేకుండానో రాశాను.

కొన్ని జంతువుల చెవి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క డీఎన్ఏ కోసం తీశాం. ఆ నమూనాలు విశ్వవిద్యాలయంలోనే ఉంటాయి, ఈ అనుమతిలో రాసిన పనికి తప్ప మరే పనికీ ఇవ్వరు. రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఎక్కడా ప్రచురించలేదు. ఈ ప్రకటన నకలు ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉంది. మా పని వల్ల చేనుకు గాని, మనిషికి గాని, జంతువుకు గాని నష్టం జరిగిందని ఎవరైనా అనుకుంటే నాకు చెప్పనక్కర్లేదు, నేరుగా విశ్వవిద్యాలయ జంతు నైతిక కమిటీకి తెలుగులోనే రాయవచ్చు. చిరునామా ఆ నకలు వెనక అచ్చువేశాం.