వెళ్లొస్తాను: ధన్యవాదాలు, ల్యాబ్ అప్పగింతలు

అందరికీ నమస్కారం.

ఈరోజుతో చిల్లింగ్ సెంటర్ ల్యాబ్‌లో నా పని పూర్తవుతోంది. సాయంత్రం షిఫ్ట్ నుంచి ల్యాబ్ బాధ్యత పద్మ గారు తీసుకుంటారు. రెండు వారాలుగా ఆవిడే అన్ని పరీక్షలూ చేస్తున్నారు, నేను పక్కన ఉండి చూశాను. కాబట్టి రేపటి నుంచి శాంపిల్, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ గురించి ఏ సందేహం వచ్చినా నేరుగా ఆవిడనే అడగండి.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. క్యాన్లు కడిగే రమణమ్మ గారూ, మీ బృందం కడిగిన క్యాన్ మూత తీస్తే ఏనాడూ పులిసిన వాసన రాలేదు. ల్యాబ్‌కు మంచి రిపోర్టు రావడం అక్కడే మొదలైంది. శ్రీనూ, అర్ధరాత్రి కరెంటు పోయినా ట్యాంకు ఉష్ణోగ్రత రిజిస్టరులో గంట గంటకూ రాసినందుకు థ్యాంక్స్. బాషా గారూ, మీరు చెయ్యి వేశాక ఆగిపోయిన జనరేటర్ నేను చూడలేదు. కనిగిరి, పొదిలి రూట్ల డ్రైవర్లకూ, తెల్లవారకముందే పాలు పోయించుకుని పంపే సొసైటీ సెక్రటరీలకూ, నేను ఫోన్ చేసి ‘శాంపిల్ మళ్లీ పంపండి’ అన్న ప్రతిసారీ విసుక్కోకుండా పంపినందుకు నమస్కారాలు. మేనేజర్ గారూ, ల్యాబ్ చెప్పిన మాటను ఎవరి ముఖం చూసీ మార్చమని మీరు ఏనాడూ అడగలేదు. ఆ గౌరవం పద్మ గారికీ ఇలాగే ఉంటుందని నాకు తెలుసు.

అందరికీ చెప్పాల్సింది ఇంతే. కింద రాసినవి అప్పగింతలు. ల్యాబ్, ట్యాంకు, స్టోర్స్ చూసేవాళ్లు ఒక్కసారి పూర్తిగా చదవండి.

ముందుగా శాంపిల్. మన దగ్గర వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం మెషీన్ వల్ల కాదు, సీసాలోకి పాలు తీసిన తీరు వల్లే వస్తాయి. గేదె పాల మీద మీగడ త్వరగా తేలుతుంది. క్యాన్ కలపకుండా పైనుంచి తీస్తే ఫ్యాట్ ఎక్కువ చూపిస్తుంది, అడుగు నుంచి తీస్తే తక్కువ. ప్లంజర్‌ను అడుగు దాకా దించి, పైకి లాగి, కనీసం పదిసార్లు కలిపాకే డిప్పర్ ముంచండి. పూటకు 10 లీటర్లు పోసే రైతు అంటే 10.3 కిలోల పాలు. అందులో 0.2 శాతం తేడా వస్తే ఆ పూటకు 20 గ్రాముల వెన్న పోయినట్టే. రెండు పూటలా అదే జరిగితే నెలకు 1.2 కిలోలు. ఆ రైతు ఇంట్లో అది చిన్న లెక్క కాదు.

సీసా ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు మీగడ మెడకు అంటుకుంటుంది. దాన్ని అలాగే ఊపి పరీక్షకు పెట్టకండి. నీళ్ల తొట్టిలో 40 డిగ్రీల దాకా వెచ్చబెట్టి, సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి, మీగడ గోడను వదిలిందని కంటితో చూసి, 27 డిగ్రీలకు చల్లార్చి అప్పుడు పిపెట్‌తో తీయండి. గట్టిగా ఊపితే నురగ వస్తుంది. నురగలో ఉన్న గాలి అనలైజర్‌లోకి వెళ్తే ఎస్ఎన్ఎఫ్ తప్పు చూపిస్తుంది. ఒకే సీసా నుంచి రెండు రీడింగులు కలవకపోతే మెషీన్‌ను అనుమానించే ముందు నురగ చూడండి.

గెర్బర్ పద్ధతి పద్మ గారికి కొట్టిన పిండి. కొత్తగా వచ్చే ట్రైనీల కోసం మాత్రం రాస్తున్నాను. ముందు ఆసిడ్ 10 మి.లీ., దాని మీద పాలు 10.75 మి.లీ. గోడ వెంట మెల్లగా, ఆఖరున అమైల్ ఆల్కహాల్ 1 మి.లీ. ఈ వరుస మారకూడదు. బిరడా బిగించి, గుడ్డ చుట్టి పట్టుకుని కలపండి. చెయ్యి కాలేంత వేడి పుడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 1100 ఆర్‌పీఎం మీద 5 నిమిషాలు, తర్వాత 65 డిగ్రీల నీళ్లలో ఉంచి, తీసిన వెంటనే రీడింగ్. ఫ్యాట్ కింద నల్లటి మసి కనిపిస్తే ఆసిడ్ గాఢత ఎక్కువైంది. తెల్లటి పెరుగు తునకలు కనిపిస్తే ఆసిడ్ పలచబడింది, సీసా మూత సరిగా పెట్టకపోతే గాలిలో తేమ పీల్చి ఇలా అవుతుంది. రెండింటిలో ఏది కనిపించినా ఆ రీడింగ్ రాయకండి, మళ్లీ చేయండి.

రోజుకు 40 శాంపిళ్లు చేస్తాం కాబట్టి 5 లీటర్ల ఆసిడ్ క్యాన్ 12 రోజులు వస్తుంది. అమైల్ ఆల్కహాల్ 500 మి.లీ. సీసా కూడా సరిగ్గా అంతే. రెండూ ఒకేసారి అయిపోతాయి, అందుకే ఎప్పుడూ రెండూ కలిపి ఇండెంట్ పెట్టండి. ఇప్పుడు స్టోర్‌లో తెరవని ఆసిడ్ క్యాన్లు రెండు, ఆల్కహాల్ సీసాలు రెండు ఉన్నాయి. అంటే 24 రోజుల సరుకు. వచ్చే వారమే ఇండెంట్ పంపితే ఎక్కడా ఆగదు. ఫారం నింపి, నా బల్ల రెండో సొరుగులో నీలం ఫైల్లో పెట్టాను. మేనేజర్ గారి సంతకం ఒక్కటే మిగిలింది.

అనలైజర్‌ను ప్రతి పూటా అయ్యాక గోరువెచ్చని నీళ్లతో, ఆ తర్వాత కంపెనీ ఇచ్చిన క్లీనర్‌తో కడగాలి. పని ఒత్తిడిలో ఒక పూట వదిలేస్తే సెన్సార్ మీద పాల పొర కట్టి, రీడింగ్ రోజురోజుకీ కొంచెం కొంచెంగా జారుతుంది. ఒక్కసారిగా పడిపోతే ఎవరైనా గమనిస్తారు, ఇలా జారితే ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి సోమవారం మూడు శాంపిళ్లను, అంటే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఫ్యాట్ ఉన్నవి, గెర్బర్‌లోనూ మెషీన్‌లోనూ చేసి పక్కపక్కన రాస్తున్నాం. ఆ నోట్‌బుక్ ఆకుపచ్చ అట్టది, అనలైజర్ కిందే ఉంది. దాన్ని దయచేసి ఆపకండి.

ఆల్కహాల్ పరీక్షలో పాలు విరిగితే వెంటనే ‘పులిసిన పాలు’ అని రాసి తిప్పి పంపకండి. 5 మి.లీ. పాలకు 68 శాతం ఆల్కహాల్ 5 మి.లీ. కలిపినప్పుడు పొదుగువాపు ఉన్న గేదె పాలూ, ఈనిన కొత్తలో వచ్చే జున్నుపాలూ కూడా విరుగుతాయి. ముందు వేడి నీళ్ల తొట్టిలో సీఓబీ పరీక్ష చేసి, వాసన చూసి, సొసైటీకి ఫోన్ చేయండి. పొదుగువాపు అయితే ఆ ఇంటికి పశువైద్యుడు వెళ్లాలి. ఆ సంగతి రైతుకు తెలిసేది మన ల్యాబ్ నుంచే.

శ్రీనూ, ఇది నీకు. 5,000 లీటర్ల ట్యాంకు డిప్‌స్టిక్‌కూ 3,000 లీటర్ల ట్యాంకు డిప్‌స్టిక్‌కూ పొడవు దాదాపు ఒకటే, కానీ దేని చార్ట్ దానిదే. పైన కొక్కెం దగ్గర చెక్కిన నంబర్ ట్యాంకు ప్లేటు మీది నంబరుతో కలవాలి. తప్పు స్టిక్ పెడితే లీటర్ల లెక్క వందల్లో తేడా వస్తుంది. పెద్దదాని పిడికి ఎర్ర టేపు చుట్టాను. అజిటేటర్ ఆపి, నురగ దిగాక, స్టిక్ తుడిచి ముంచు. ట్యాంకర్ శాంపిల్ మాత్రం అజిటేటర్ పది నిమిషాలు తిరిగాకే తీయాలి. కొలతకు ఆపాలి, శాంపిల్‌కు తిప్పాలి. ఈ రెండూ తారుమారు కాకుండా చూడు. పాలు 4 డిగ్రీలకు దిగకుండా ట్యాంకర్‌కు ఎక్కించవద్దు, డ్రైవర్ ఎంత తొందరపెట్టినా సరే. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్ ఆన్ చేయకుండా మూడు నిమిషాలు ఆగు. గ్యాస్ ప్రెషర్ సర్దుకోకముందే నొక్కితే ట్రిప్ అవుతుంది.

కడగడం గురించి ఒక్క మాట. ట్యాంకు ఖాళీ అయ్యాక ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాతే వేడి కాస్టిక్. మొదటే వేడినీళ్లు కొడితే పాల ప్రొటీన్ గోడకు ఉడికి అంటుకుంటుంది, ఆ తర్వాత ఎంత కాస్టిక్ వాడినా సులువుగా వదలదు. కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి తప్ప కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, గ్లౌజులు తలుపు వెనక మేకుకు ఉన్నాయి, కొత్తవి ఇంకో జత స్టోర్‌లో ఉంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ల్యాబ్ బీరువా తాళాలు రెండూ పద్మ గారికి ఇచ్చాను. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఈమెయిల్లో రాయడం లేదు, సీల్ వేసిన కవర్లో మేనేజర్ గారి దగ్గర ఉంది. పద్మ గారు అందుకున్నాక మార్చేయండి. చిల్లర ఖర్చుల లెక్క అకౌంట్స్‌లో సరిచూసి సంతకాలు చేశాం. రెండు సొసైటీల ఫ్యాట్ ఫిర్యాదులు ఇంకా తేలలేదు. వాటి శాంపిళ్లు ఫ్రిజ్ పై అరలో ఎర్ర చీటీతో ఉన్నాయి, రేపు ఉదయం సెక్రటరీల ఎదుటే మళ్లీ పరీక్ష చేస్తామని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టండి.

ఈ ఆఫీసు ఈమెయిల్ రేపటి నుంచి పనిచేయదు. నా ఫోన్ నంబర్ మాత్రం మారడం లేదు, గ్రూపులో ఉన్నదే. పద్మ గారూ, మొదటి నెల ఏ పూట సందేహం వచ్చినా మొహమాటపడకుండా ఫోన్ చేయండి. మిగతావాళ్లు ఊరికే పలకరించడానికైనా సరే చేయండి.

సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్ దగ్గర టీ, మిరపకాయ బజ్జీలు. డ్రైవర్లు రూట్లకు బయలుదేరేది నాలుగున్నరకు కాబట్టి అందరం ఒక్క అరగంట కలిసి కూర్చోవచ్చు. ఆ సమయానికి డ్యూటీలో ఉండే శ్రీనుకూ, వాచ్‌మన్ తాతకూ వాళ్లున్న చోటికే తెచ్చి ఇస్తాను.

ఇన్నాళ్లూ నన్ను మీలో ఒకదానిగా చూసుకున్నారు. వెళ్లొస్తాను.

లక్ష్మి
ల్యాబ్ ఇన్‌చార్జ్, చిల్లింగ్ సెంటర్