స్టుట్‌గార్ట్ నుంచి అత్తాపూర్‌కు

స్టుట్‌గార్ట్,
అక్టోబర్ 2, 2025, రాత్రి 11 గంటలు.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి, నేను బాగానే ఉన్నాను. మా ఆఫీసులో పనిచేసే ఉప్పల్ అబ్బాయి శనివారం హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపిస్తున్నాను. ఫోన్లు వచ్చాక ఇంటికి ఒక్క కాగితం ముక్క కూడా రావడం లేదని నాన్న ఎప్పుడూ అంటుంటారు కదా. పదో తరగతి పరీక్షల తర్వాత తెలుగులో ఇంత రాయడం ఇదే. తప్పులుంటే నాన్న ఎర్ర పెన్ను తీయొద్దు.

పొద్దున ఫోన్‌లో మాట్లాడుకున్నాం, నిజమే. కానీ అదేం మాట్లాడుకోవడం అమ్మా? నువ్వు ఫోన్ పట్టుకుంటే నాకు కనిపించేది నీ నుదురు, దాని మీద తిరిగే ఫ్యాను. కుక్కర్ కూత ఒక పక్క, అక్క పిల్లల గోల ఒక పక్క. "వినిపిస్తుందా" అని నువ్వు, "వినిపిస్తుందా" అని నేను. తిన్నావా అన్నావు, తిన్నాను అన్నాను. ఏం తిన్నావు అని అడిగేలోపే లైన్ కట్ అయింది. మంచిదే అయింది. నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు. పండుగ పూట ఆ మాట నీ చెవిన వేయబుద్ధి కాలేదు.

ఈసారి దసరా గాంధీ జయంతి నాడే పడిందని, నాన్న నిన్ననే మటన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారని అక్క చెప్పింది. ఎంత లైను ఉందో, ఎంతసేపు నిలబడ్డారో అది మాత్రం చెప్పలేదు. బీపీ మాత్ర వేసుకుని వెళ్లారో లేదో కూడా తెలియదు.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు మీరందరూ ఆడుతుంటే ఇక్కడ మధ్యాహ్నం మూడు. నేను మీటింగులో ఉన్నాను. అక్క వీడియో కాల్ చేస్తే సౌండ్ తీసేసి ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. ఎవరెవరు ఆడుతున్నారో మొహాలు ఆనలేదు, తిరుగుతున్న చీరల అంచులు మాత్రం కనిపించాయి. అందులో ఆకుపచ్చ అంచు నీదే అనుకున్నాను. నడక చూసి పట్టాను, ఎడమ కాలు కొంచెం తగ్గించి వేస్తున్నావు. మోకాలు మళ్లీ నొప్పి పెడుతోందా? నాకు చెప్పరు కదా ఇంట్లో ఎవరూ.

అంతకుముందు శనివారం ఇక్కడి తెలుగువాళ్లం ఒక హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడాం. పూలు తెచ్చే పని నాకు అప్పగించారు. నాన్నా, ఇది మీరు నమ్మరు. ఊరి బయట రోడ్డు పక్కనే పూల చేలు ఉంటాయి. మనిషి ఉండడు. ఒక కత్తి, ధరలు రాసిన బోర్డు, డబ్బులు వేయడానికి ఒక డబ్బా, అంతే. మనమే కోసుకుని, మనమే లెక్కపెట్టుకుని, డబ్బులు వేసి వచ్చేయాలి. బేరం ఆడదామంటే ఎదుట ఎవరూ లేరు! గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూల గంప ముందు మీరు వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసి, వాడు వెనక్కి పిలిచేదాకా తిరిగి చూడకుండా నడవడం గుర్తొచ్చి, ఆ చేలో ఒక్కణ్నే నవ్వుకున్నాను. తర్వాత కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

డేలియాలు దొరికాయి. తంగేడు లేదు, గునుగు లేదు. గునుగు లేని బతుకమ్మ ఎంత పేర్చినా బోడిగానే అనిపించింది. చిన్నప్పుడు గునుగు కట్టలకు నువ్వు దారం చుట్టి ఇస్తే నేను రంగునీళ్లలో ముంచేవాణ్ని. దసరా సెలవులు అయిపోయి బడికి వెళ్లినా గోళ్ల సందుల్లో గులాబీ రంగు పోయేది కాదు. ఈసారి చేతులు శుభ్రంగానే ఉన్నాయి. మలీద నేనే చేశాను. రొట్టె గట్టిపడింది, బెల్లం తక్కువైంది. అయినా గిన్నె ఖాళీ చేశారు. ఇక్కడ అందరం ఆవురావురుమనే వాళ్లమే.

ఆయుధ పూజ కూడా చేశాను. నాన్న డిపోలో స్పానర్లన్నీ కడిగి వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టేవారు కదా, నేను లాప్‌టాప్‌కి, సైకిల్‌కి పెట్టాను. ఆఫీసులో పక్క సీటు ఆయన ఈ ఎర్ర చుక్క ఏమిటని అడిగాడు. ఏడాదంతా మాకు అన్నం పెట్టిన పనిముట్టుకి దండం పెట్టుకుంటాం అన్నాను. కాసేపు ఆలోచించి, తన కంప్యూటర్‌కి కూడా పెట్టమన్నాడు. పెట్టాను.

ఒక విషయం దాచాను, ఇప్పుడు చెప్పేస్తాను. తిట్టాలనుకుంటే ఉత్తరాన్ని తిట్టండి. ఫిబ్రవరిలో వారం రోజులు వీడియో కాల్ చేయలేదు, కెమెరా పాడైందన్నాను. కెమెరాకేం కాలేదు. మంచు మీద జారి పడి కుడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయింది, ఇదంతా ఆ చేత్తోనే రాస్తున్నాను. నొప్పికి కాదు అమ్మా, ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం రాక ఆ రోజు ఏడ్చాను. ముప్పై ఏళ్లవాణ్ని, ముద్ద కలిపి పెట్టేవాళ్లుంటే బాగుండనిపించింది. ఈ మాట ఫోన్‌లో చెబితే నువ్వు తట్టుకోలేవు, నిన్ను చూస్తూ చెప్పడం నావల్లా కాదు. అందుకే ఈ ఉత్తరం.

డబ్బులు వేశాను. ముందు మోకాలికి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంటికి రంగులు తర్వాత వేయించొచ్చు.

వచ్చే ఏడాది దసరాకు మూడు వారాల సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను. మా మేనేజర్ సరేనని మెయిల్ కూడా ఇచ్చాడు. ఇన్ని నెలల ముందు పండుగకు సెలవు అడిగినవాణ్ని చూడలేదన్నాడు.

నాన్నా, సాయంత్రం మీరు జమ్మి దగ్గరికి వెళ్లే వేళకు నేను ట్రామ్‌లో ఉన్నాను. శ్లోకం కింద ఇంట్లోవాళ్ల పేర్లు రాసి చెట్టుకు పెడతారు కదా, అందులో నా పేరు కూడా రాశారని అక్క ఫొటో పంపింది. నా పేరే అన్నిటికన్నా పైన ఉంది. ఆ ఫొటో చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. పాలపిట్ట కనిపించిందా? గుడి బయట బోనులో పెట్టి చూపించి డబ్బులడిగే వాళ్ల దగ్గర చూడనని మీరు పట్టుబట్టి, మూసీ వైపు చెట్లలో చీకటి పడేదాకా నన్ను తిప్పేవారు. కనిపించని ఏడు కూడా కనిపించిందనే అమ్మకు చెప్పేవాళ్లం. అమ్మా, ఇదీ ఇప్పుడే చెప్తున్నా.

నేను ఇంట్లో ఉన్న చివరి దసరా 2022లో. ఆ సాయంత్రం అందరికీ పంచగా మిగిలిన జమ్మి రెమ్మ ఒకటి చొక్కా జేబులో ఉండిపోయింది. దాన్ని పాస్‌పోర్ట్ కవరులో పెట్టుకుని వచ్చేశాను. మూడు దసరాలుగా మీ చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కలేదు. ఈ కాగితం మడతలో చూడండి, ఆ రెమ్మే. ఎండిపోయింది, సగం ఆకులు రాలిపోయాయి, మెల్లగా తీయండి. ఒక ఆకు మీకు, ఒకటి అమ్మకు. మీ ఇద్దరి కాళ్లకూ మొక్కాననుకోండి.

మీ
శీను

అమ్మా, ఉప్పల్ అబ్బాయి తిరుగు ప్రయాణం ఇరవయ్యో తేదీన. మామిడికాయ పచ్చడి మూత గట్టిగా బిగించి, రెండు కవర్లు చుట్టి ఇవ్వు. పోయినసారి వాడి బట్టలన్నీ నూనె అయ్యాయి, అయినా మళ్లీ తెస్తానంటున్నాడు.