తూము

అర్థశాస్త్ర విభాగంలో ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు సెమినార్ ఉండేది. రజిత పది నిమిషాలు ముందే వెళ్లి, తలుపుకు దగ్గరగా గోడ వెంట వేసిన వరుసలో చివరి కుర్చీలో కూర్చునేది. ఆమె నోటుపుస్తకానికి రెండు మొదళ్లు ఉండేవి. ముందువైపు నుంచి వక్తలు చెప్పిన విషయాలు రాసుకునేది. వెనుకవైపు నుంచి, ఇతరులు ప్రశ్నను ఎలా ఎత్తుకుంటున్నారో రాసుకునేది: ‘థాంక్యూ ఫర్ ది టాక్’, ‘ఐ వాజ్ జస్ట్ వండరింగ్’, ‘దిస్ ఈజ్ మోర్ ఎ కామెంట్ దాన్ ఎ క్వశ్చన్’. ఈ చివరిదాన్ని వాడినవాళ్లు కనీసం నాలుగు నిమిషాలు మాట్లాడతారని కూడా ఆమె గమనించింది. ఆ వాక్యాల కిందనే తన ప్రశ్నలు ఉండేవి. జనవరి నాటికి అవి పదకొండు అయ్యాయి. వాటిలో ఒక్కటీ పుస్తకం దాటి బయటికి రాలేదు.

విషయం అర్థం కాక కాదు. జనగామ వైపు పల్లెటూరి బడిలోనూ, ఆ తరువాత ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనూ తెలుగు మాధ్యమంలో చదువుకున్న రజితకు, తెలుగు అకాడమీ పుస్తకాల పుణ్యమా అని, వ్యాకోచత్వమంటే ఏమిటో, ఉదాసీనతా వక్రరేఖలు ఎందుకు ఒకదానినొకటి ఖండించుకోవో ఈ గదిలోని చాలామందికన్నా బాగానే తెలుసు. హైదరాబాదుకు వచ్చిన మొదటి నెలంతా ఆమె చేసిన పని, తనకు పాత పరిచయమున్న భావనలకు వాటి కొత్త పేర్లు నేర్చుకోవడమే. చిక్కు వాక్యం దగ్గర వచ్చేది. ‘హాజ్ బీన్’ అనాలా, ‘హాడ్ బీన్’ అనాలా అని ఆమె తేల్చుకునే లోపల అధ్యక్షస్థానంలో ఉన్న మేడమ్ ‘లాస్ట్ క్వశ్చన్’ అనేవారు. ఒకసారి ఆమె రాసుకున్న ఏడో ప్రశ్ననే ముందు వరుసలోని అబ్బాయి ఒకడు అడిగాడు. వక్త చాలా మంచి ప్రశ్న అన్నాడు. రజిత హాస్టలుకు వెళ్లి ఏడో ప్రశ్న పక్కన టిక్కు పెట్టుకుంది.

ఆ బుధవారం వచ్చిన వక్త చెరువుల గురించి మాట్లాడాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల ఆయకట్టులో యాసంగి సాగు ఎంత పెరిగిందో ఉపగ్రహ చిత్రాలతో లెక్కకట్టిన పరిశోధన అది. తెర మీద వరంగల్, జనగామ ప్రాంతాల పటం కనిపించింది. సాగు పెరిగిన చెరువులకు ఆకుపచ్చ చుక్కలు, పెరగని వాటికి ఎర్ర చుక్కలు పెట్టారు. పక్కపక్క ఊళ్లలో, ఒకే వాన కురిసిన చోట, ఒకటి ఆకుపచ్చగా మరొకటి ఎర్రగా ఎందుకుందో చెప్పడానికి వక్త నేల స్వభావాన్ని, చెరువు విస్తీర్ణాన్ని, కాలువ పొడవును ఒక్కొక్కటిగా సమీకరణంలోకి తెచ్చాడు. ఎర్ర చుక్కలు మాత్రం ఎర్రగానే మిగిలాయి. ఇంకా వివరించలేని వ్యత్యాసం కొంత ఉందని ఆయన నిజాయితీగానే ఒప్పుకున్నాడు.

రజిత ఆ ఎర్ర చుక్కల్లో తన ఊరి చెరువు ఎక్కడుందో వెతుక్కుంది.

ఆమె తండ్రి సాయిలు ఆ ఊరి నీరటి. కట్టకు బుంగ పడకుండా కాపాడడం, మత్తడి పోసే రోజుల్లో రాత్రంతా మేలుకోవడం, తూము ఎప్పుడు తెరవాలో ఎంత తెరవాలో చూసి చివరి మడి దాకా నీళ్లు పారించడం అతని పని. వానలు తక్కువైన ఏడు పెద్దమనుషులు కూర్చుని, యాసంగికి ఏ పక్క పొలం నాటాలో, ఏ పక్క బీడు పెట్టాలో తైబంది తీసేవారు. ఆ మాట నిలబెట్టవలసినవాడు నీరటే. తూము షట్టరు తిప్పే ఇనుప హ్యాండిల్ వాళ్ల ఇంటి తలుపు వెనుక ఉండేది. చిన్నప్పుడు రజిత దాన్ని ఎత్తబోయి కాలి మీద వేసుకుంది కూడా. ఆమె ఇంటరు చదివే రోజుల్లో సాయిలు ఆ హ్యాండిల్‌ను పంచాయతీలో అప్పగించి కూలికి పోవడం మొదలుపెట్టాడు. ఆ తరువాత ఎవరి అవసరానికి వాళ్లు తూము తిప్పుకున్నారు. నీళ్లు నిలవాలని చేపలు పట్టేవాళ్లు, వదలాలని మడిగట్లవాళ్లు కొట్లాడుకోగా, పూడిక తీసి నిండుగా నింపిన చెరువు సంక్రాంతికే అడుగంటింది.

ఇదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పాలని ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అది పన్నెండో ప్రశ్నగా పుస్తకంలో చేరేది. వక్త తరువాతి చిత్రానికి వెళ్లబోతున్నాడనీ, పటం తెర మీది నుంచి పోతుందనీ మాత్రమే ఆమెకు తోచింది. చెయ్యి ఎత్తకుండానే లేచి నిలబడింది.

“సర్, హూ ఓపెన్స్ ది తూము?”

‘థాంక్యూ ఫర్ ది టాక్’ అనడం మరిచిపోయింది. వక్తకు తెలుగు రాదు. “ది వాట్?” అన్నాడు. గదిలో ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. ఆ మాటకు ఇంగ్లీషు పదం ఆమెకు తెలుసు, వారం కిందటే చదివింది, కానీ అది నోటికి రాలేదు. రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి పై చేతిని మెల్లగా లేపి చూపించింది. “వాటర్ కమ్స్ అవుట్ ఫ్రమ్ దేర్. వన్ మ్యాన్ ఓపెన్స్. నీరటి. ఇన్ రెడ్ విలేజెస్, దట్ మ్యాన్ ఈజ్ దేర్ ఆర్ నాట్?”

వాక్యం తప్పని అంటున్నప్పుడే ఆమెకు తెలుసు. వక్త పటం వైపు తిరిగి కొంతసేపు చూశాడు. ఆ వివరం తాము సేకరించలేదని చెప్పి, చొక్కా జేబులోంచి కలం తీశాడు. నీరటి అన్న మాటకు అక్షరాలు చెప్పించుకున్నాడు. ఆమె కూర్చోబోతుండగా ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, ఎంత ఇస్తారు?

తండ్రి ఇంటికి వడ్లు తెచ్చేవాడని తెలుసు గాని ఏ లెక్కన తెచ్చేవాడో రజిత ఎన్నడూ అడగలేదు. “ఐ విల్ ఆస్క్ అండ్ టెల్, సర్” అంది. అది మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

ఆ సాయంత్రం హాస్టలు మేడ మీద నుంచి ఇంటికి ఫోను చేసింది.

“ఎందుకు బిడ్డా, ఇప్పుడా ముచ్చట?” అన్నాడు సాయిలు.

“మా కాలేజీల ఒక సారు అడిగిండు నాయినా. నేనే ముందుగాల ఆయన్ని ఒకటి అడిగిన.”

“ఇంగ్లీషులనా?”

“ఇంగ్లీషులనే. తూము అని మాత్రం తెలుగులనే వచ్చింది.”

సాయిలు కాసేపు ఏమీ అనలేదు. తరువాత గొంతు సవరించుకుని లెక్క మొదలుపెట్టాడు. “మీ తాత నాడు కళ్లం కాడ ఎకరానికి రెండు కుంచాలు కొలిచేటోళ్లు. నా నాటికి ఒక్కటైంది. బోర్లు పడ్డంక, మాకు చెరువు నీళ్లెందుకని సగం మంది ఆ ఒక్కటి గూడ బందుపెట్టిండ్రు. రాసుకుంటున్నవా?”

“రాస్తున్న, చెప్పు.”

“ఏ ఏడు ఎవరెవరు బందుపెట్టిండ్రో కూడ చెప్పాల్నా?”

రజిత నోటుపుస్తకాన్ని ముందువైపుకు తిప్పి, కొత్త పేజీలో రెండు నిలువు గీతలు గీసింది.

“చెప్పు నాయినా. పేరుపేరునా చెప్పు.”